వానాకాలం ఇంట్లో కదిలే ఆటలు: పై అంతస్తు, చిన్న హాలు, కింద ఓనర్లు. ఏది నడుస్తుంది?

స్వాతి_నయీంనగర్ | శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మేం హనుమకొండలో మొదటి అంతస్తులో కిరాయికి ఉంటం. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆయన, బాబుకు పదకొండేళ్లు, పాపకు ఆరేళ్లు, మా అత్తమ్మకు అరవై నాలుగు. ఎండాకాలం పొద్దున భద్రకాళి బండ్ మీద నడిచేవాళ్లం, పిల్లలు సాయంత్రం స్టేడియం దిక్కు పోయేవాళ్లు. ముసురు పట్టిందంటే అన్నీ బంద్. మా గల్లీలో నీళ్లు నిలిస్తే గేటు దాటుడే కష్టం. పిల్లలు సోఫాలో కూర్చొని ఫోన్లు చూసుడే పని అయితుంది.

ఆ ఫోనుతోనో, లేకుంటే ఏదన్నా గేమ్ కన్సోల్ కొనో ఒళ్లు కదిలే ఆటలు అందరం కలిసి ఆడొచ్చా? హాలు పది అడుగులకు పద్నాలుగు. దివాన్, టీవీ స్టాండు, టీపాయ్ పోను ఖాళీ జాగ ఏడుకు తొమ్మిది వస్తుంది. మామూలు స్మార్ట్ టీవీ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, ఫోన్లు మూడు ఉన్నాయి. కింద ఓనర్లు ఉంటరు, వాళ్లు పెద్దవాళ్లు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి. ఇవన్నీ చూసి చెప్పండి.

---

వంశీ_కాజీపేట | శుక్రవారం, రాత్రి 9:32

అక్కా, ఆలోచించకుండా నింటెండో స్విచ్ కన్సోల్, దాని మీద ఆడే రింగ్ ఫిట్ అడ్వెంచర్ ఆట తీసుకోండి. 2019లో వచ్చింది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. చేతిలో ఒక రింగు ఉంటది, దాన్ని నొక్కాలి, గుంజాలి. తొడకు ఒక పట్టీ కడతరు. మీరు ఉన్నచోటనే ఉరికితే ఆటలో మనిషి ఉరుకుతడు, మీరు గుంజీలు తీస్తే రాక్షసుడికి దెబ్బ తగుల్తది. నాకు పావుగంటకే చొక్కా తడిసిపోతది. మీ ఐదుగురూ ఒకేసారి ఆడుకోవచ్చు. ఫోను ఆటలన్నీ టైమ్ పాస్, వాటితో ఒళ్లు కదలదు.

---

గట్టు_వాకర్ | శుక్రవారం, రాత్రి 10:05

మేడం, వాన కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడవండి. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టుకుంటే మస్తు హుషారుగా ఉంటది. గొడుగు, గ్రిప్ ఉన్న చెప్పులు మాత్రం మరిచిపోవద్దు.

---

స్వాతి_నయీంనగర్ | శుక్రవారం, రాత్రి 10:11

అన్నా, తెరిపి ఇస్తే మేమూ పోతం. నేను అడిగేది రెండు మూడు రోజులు వదలకుండా పడ్డప్పటి సంగతి, ఇంటి లోపల ఆడేవి.

---

పీఈటీ_పరకాల | శనివారం, ఉదయం 6:50

నేను బడిలో పీఈటీని. మా ఇల్లు కూడా పై అంతస్తే. వానాకాలం ఇంట్లో మేమూ ఇవే ఆడుతాం, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు వంశీ గారి మాట. రింగ్ ఫిట్ మంచి ఆటే, అందులో అనుమానం లేదు. కానీ అది ఒక్కరి ఆట. ఒక కంట్రోలర్ రింగులోకి, ఇంకోటి ఎడమ తొడ పట్టీలోకి పోతాయి కాబట్టి ఒకసారికి ఒక్కరే ఆడగలరు. మిగతా నలుగురు వంతు కోసం కూర్చోవాలి. ఎవరి ఖాతా వాళ్లు పెట్టుకొని మార్చి మార్చి ఆడొచ్చు, అంతవరకే. ఆరేళ్ల పాపకైతే పట్టీ వదులై మోకాలి మీదికి జారుతుంది, అప్పుడు ఆమె ఉరికినా ఆటకు తెలియదు. పైగా నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. దొరికేదంతా దిగుమతి సరుకే. రిపేరు వస్తే అమ్మిన దుకాణమే దిక్కు, బిల్లు మీద ఆ మాట రాయించుకోవాలి.

మీ దగ్గర ఉన్నవాటితో ఈ రాత్రే మొదలుపెట్టగలిగేది జస్ట్ డాన్స్ నౌ, తెర మీద మనిషిని చూస్తూ పాటకు డాన్స్ చేసే ఆట. ల్యాప్‌టాప్‌లో justdancenow.com తెరవండి. తెర మీద ఒక గది నంబరు, క్యూఆర్ కోడ్ వస్తాయి. ఫోన్లలో అదే పేరుతో ఉన్న యాప్ వేసుకొని ఆ నంబరు కొడితే ఫోను కంట్రోలర్ అయిపోతుంది. ఉచితంగా కొన్ని పాటలే ఇస్తుంది, మిగతావాటికి చందా కట్టాలి. ముందు ఉచితంగా ఆడి చూడండి, పిల్లలు దానికి అలవాటు పడతారో లేదో తేలాకే డబ్బు సంగతి.

ఇక్కడ ఒక విషయం తెలిసుంటే మిగతావన్నీ తేలికైపోతాయి. ఈ ఆట మిమ్మల్ని చూడదు. కెమెరా వాడదు. ఫోను లోపలి సెన్సరు మీ కుడి చెయ్యి ఎటు కదిలింది, ఎంత జోరుగా కదిలింది, పాట తాళానికి సరిగా పడిందా అన్నదే లెక్కగడుతుంది. కాళ్లు ఏం చేస్తున్నాయో దానికి తెలియదు. దీంతో మీకు మూడు లాభాలు ఉన్నాయి, ఒక నష్టం ఉంది.

మొదటి లాభం జాగ. కెమెరా ఆటకైతే ఎదురుగా ఎడం కావాలి, ఒకరి వెనక ఒకరు నిలబడితే కుదరదు. దీనికి ఎట్లా నిలబడ్డా సరే. మీ ఏడు, తొమ్మిది అడుగుల్లో ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన చేతులు చాపలేరు, ఒక్కొక్కరికి దాదాపు ఐదడుగులు కావాలి. ఏటవాలుగా నిలబడండి. పాప ముందు, ఎడమ మూలకు. మీరు వెనక, కుడి మూలకు. ఇద్దరి చేతులూ ఒకరికొకరు తగలవు.

రెండోది చప్పుడు. తెర మీద మనిషి ఎగిరితే మీరు ఎగరనక్కర్లేదు. అదే సమయానికి మడమలు లేపి దించండి, చెయ్యి మాత్రం పూర్తిగా పైకి పోవాలి. మార్కులు పెద్దగా తగ్గవు, కింద ఓనర్ల నెత్తిన పిడుగూ పడదు.

మూడోది మీ అత్తగారు. కుర్చీలో కూర్చొని ఫోను పట్టుకుంటే ఆమె కూడా మనవడితో పోటీ పడొచ్చు.

నష్టం కూడా అక్కడే ఉంది. మీ బాబు రెండు రోజుల్లో కనిపెట్టేస్తాడు, దివాన్ మీద పడుకొని మణికట్టు ఆడించినా మార్కులు వస్తాయని.

---

విజయలక్ష్మి_మంచిర్యాల | శనివారం, ఉదయం 8:20

నేను కింది అంతస్తులో ఉండేదాన్ని, ఆ వైపు నుంచి చెప్తాను. మా పైన ఇట్లాంటి ఆటలు ఆడే కుటుంబం ఉండేది. పాట మోత మమ్మల్ని ఏమీ అనలేదమ్మా, టీవీ సప్పుడు అందరింట్లో ఉండేదే. మడమ పడ్డప్పుడల్లా స్లాబు దబ్‌మనేది, దాంతోనే గుండె అదిరేది. వాళ్లు రంగురంగుల స్పాంజి పలకలు తెచ్చి పరిచారు. టకటక సప్పుడు తగ్గింది గానీ ఎగిరితే వచ్చే దబ్బు అట్లనే ఉండేది. మ్యాట్ కొన్నాం కదా అని ధీమాగా ఎగరకండి.

అడగకుండా మొదలుపెట్టకండి. మీరు పైన ఆడుతుంటే మీ ఆయన్ని కిందికి పంపి, ఓనరమ్మ పక్కన కూర్చొని వినమనండి. ఏ అడుగుకు ఎంత సప్పుడో ఒక్క పాటలో తెలిసిపోతుంది. వాళ్లు పడుకునే వేళ కూడా అడిగి పెట్టుకోండి.

---

పీఈటీ_పరకాల | శనివారం, ఉదయం 8:41

విజయలక్ష్మి గారు చెప్పిన పరీక్ష చాలా మంచిది. స్పాంజి పలకల గురించి కూడా నిజమే రాశారు. పలుచని పరుపు పైపై చప్పుడు మింగుతుంది, బరువు పడ్డ అదురు స్లాబులోకి దిగనే దిగుతుంది. దాన్ని ఆపాలంటే ఎగరకపోవడమే మార్గం.

ఇంకో మాట. యోగా మ్యాట్ మీద ఈ డాన్సులు వద్దు. అది పాదాన్ని పట్టుకుంటుంది, పైన ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిక పడుతుంది. చాప అయితే చాపే జారుతుంది. వట్టి టైల్సే మేలు, వట్టి పాదాలతో. సాక్సులు వేసుకోవద్దు.

ముసురు రోజుల్లో టైల్స్ చెమ్మగిల్లుతాయి. కిటికీలు మూసి నలుగురు ఎగిరితే ఇంకా తొందరగా. ఆట మొదలుపెట్టే ముందు అరచేతిని నేల మీద ఒకసారి రాయండి. చెయ్యి నడిచిన దారి మెరుస్తూ కనపడితే పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ వేసి కాసేపు ఆగండి. రెండు మూడు పాటలకోసారి మళ్లీ చూడండి, చెమట చుక్కలు పడేది కూడా అక్కడే.

---

సదానందం_జగిత్యాల | శనివారం, మధ్యాహ్నం 1:15

నాది కూడా ఇదే ముచ్చట. నేను సెకండ్ హ్యాండ్ ఎక్స్‌బాక్స్ 360, దానికి కినెక్ట్ కెమెరా తీసుకున్న. కినెక్ట్ అడ్వెంచర్స్ డిస్కు కూడా ఇచ్చిండు. చేతుల ఏమీ పట్టుకునే పని లేదు, మనిషినే చూస్తది. కానీ నా బిడ్డ నేను కలిసి నిలబడితే ఒక్కరినే పట్టుకుంటుంది, ఇంకొకరు మాయమైతరు. కెమెరా ఖరాబైందా? అమ్మినాయన ఫోన్ ఎత్తుతలేడు.

---

వంశీ_కాజీపేట | శనివారం, మధ్యాహ్నం 1:40

సదానందం అన్నా, లైటు తక్కువైందేమో. గదిలో రెండు ట్యూబులు వేసి చూడు.

పీఈటీ సార్, ఒకేసారి అందరూ ఆడొచ్చని నేను రాసింది సరికాదు, ఒప్పుకుంటున్నా. కానీ చేతిని మాత్రమే చూసే ఆటను వ్యాయామం అనుడు నాకు ఒప్పుగా లేదు. సదానందం అన్న దగ్గర ఉన్నదే అసలైంది, ఒళ్లంతా చూస్తది.

---

పీఈటీ_పరకాల | శనివారం, సాయంత్రం 4:30

సదానందం గారూ, అది లైటు వల్ల కాదు. కినెక్ట్ తన పరారుణ కాంతి తానే వేసుకుంటుంది, మసక గదిలోనూ దూరం కొలుస్తుంది. కిటికీలోంచి నేరుగా ఎండ పడితేనే దానికి ఇబ్బంది, ఈ వానల్లో ఆ భయం లేదు. మీ సమస్య ఎడం అయ్యుండొచ్చు. ఒక్కరికి కెమెరా నుంచి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిది అడుగులు కావాలి. టేపు పెట్టి కొలవండి. ఇద్దరి మధ్య కూడా ఖాళీ ఉండాలి, బిడ్డ మీ వెనక్కి పోతే దానికి కనపడదు. టీపాయ్ కాళ్లకు అడ్డం ఉన్నా తీసేయండి.

ఇంకోటి, ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ దుకాణాన్ని 2024 జులైలో మూసేశారు. ఇక మీకు కొత్త ఆట కావాలంటే పాత డిస్కులు వెతుక్కోవాల్సిందే. కినెక్ట్ తయారీ 2017లోనే ఆపేశారు. పాతది కొనేవాళ్లు ఇది తెలిసి కొనాలి.

వంశీ గారూ, ఒళ్లంతా చూస్తుందన్నది నిజమే. కానీ స్వాతి గారి ఇంట్లో అదే సమస్య. కినెక్ట్ అడ్వెంచర్స్‌లో తెప్ప మీద నదిలో పోయే ఆట, పట్టాల బండి మీద అడ్డాలు దాటే ఆట, రెండూ ఎగరకపోతే సాగవు. పై అంతస్తులో అది కుదరదు. చేపలు అద్దానికి చిల్లులు పొడుస్తుంటే చేతులతో, కాళ్లతో మూసే ఆట ఒకటి ఉంది, అదైతే ఆడొచ్చు. కింది అంతస్తు ఇల్లు, పెద్ద హాలు ఉన్నవాళ్లకు కినెక్ట్ బాగుంటుంది.

రింగ్ ఫిట్‌లో మాత్రం దీనికి ఏర్పాటు ఉంది. చప్పుడు లేని పద్ధతి ఒకటి పెట్టుకోవచ్చు. ఉరికే బదులు మోకాళ్లు కొద్దిగా వంచి లేస్తూ ఉంటే బొమ్మ ముందుకు పోతుంది.

---

మాధవి_ఫిజియో_కరీంనగర్ | శనివారం, సాయంత్రం 6:05

అందరూ స్వాతి గారి అత్తమ్మను మరిచిపోతున్నారు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు ఆ చప్పుడు లేని పద్ధతి వద్దు, మోకాళ్లు పదే పదే వంచి లేవడం ఆ కీలుకు ఉరకడం కంటే సుఖంగా ఉంటుందని చెప్పలేం.

ఆమెకు చేతులు లేని కుర్చీ వేయండి, ప్లాస్టిక్ కుర్చీ అయితే వెనక కాళ్లు గోడకు ఆనించండి. కుడి చేతిలో ఫోను. పాట నడుస్తున్నంతసేపు కాళ్లు ఊరికే పెట్టకుండా కూర్చొనే కవాతు చేయించండి, ఒక మోకాలు కొద్దిగా లేపి దించి, తర్వాత రెండోది. రెండో పాటలో ఒక కాలు చాపి, తొడ బిగించి, మెల్లగా దించమనండి. మోకాలికి బలం ఇచ్చేది తొడ కండరమే. తెరలో మనిషి గిర్రున తిరిగితే ఆమె తిరగొద్దు.

ఎక్కువైందని ఎట్లా తెలుస్తుందంటే, ఆడుతున్నప్పుడు కాస్త పట్టినట్టు ఉండడం పర్వాలేదు. మరుసటి రోజు పొద్దున మోకాలు ఉబ్బినా, రోజూ ఉండే నొప్పి కంటే పెరిగినా ఆ పని సగానికి తగ్గించాలి. ఆడుతుంటే ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. బీపీ మందులు వేసుకునేవాళ్లు అయితే మొదలుపెట్టే ముందే ఒకసారి అడగండి.

ఇంకా, ఫోను గట్టిగా పిడికిట పట్టుకొని ఊపితే పెద్దవాళ్లకు మణికట్టు, భుజం లాగుతాయి. వదులుగా పట్టుకోమనండి.

---

స్వాతి_నయీంనగర్ | ఆదివారం, రాత్రి 8:45

మాధవి గారూ, పీఈటీ సార్, విజయలక్ష్మమ్మా, చాలా చాలా థాంక్స్. నిన్న, ఇవ్వాళ ఆడినం. ఏమైందో రాస్త.

నిన్న ల్యాప్‌టాప్ తెరను వైర్ లేకుండ టీవీకి పంపినం. అందరికీ మార్కులు అధ్వానం. పాటకు సరిగ్గానే చేస్తున్నమని అనిపించింది, కాని తెర మీద ఓకే, లేకుంటే ఎక్స్ గుర్తు, అవే వచ్చినయి. పాప ఏడ్చింది. నెట్ స్లో అనుకున్నం.

సార్ చెప్పినట్టు బాబు నిన్ననే దివాన్ ఎక్కిండు. పడుకొని చెయ్యి ఊపుతున్నడు, నాకంటే ఎక్కువ మార్కులు వాడికే. నేను చెమటలు కక్కుకుంట ఆడితే వాడు నవ్వుతున్నడు. దీనికి ఏం చెయ్యాలె?

ఓనరమ్మ దగ్గరికి మా ఆయన పోయి కూర్చున్నడు. మామూలు అడుగులు అస్సలు వినపడలేదట. పాప ఒక్కసారి ఎగిరితే మాత్రం పై నుంచి ఏదో పడ్డట్టు వినపడ్డదట. ఏడు గంటల నుంచి ఎనిమిది దాకా పర్వాలేదన్నది.

అత్తమ్మ కుర్చీలో కూర్చొని రెండు పాటలు ఆడింది. తాళం ఆమెకే బాగా పడుతుంది, బతుకమ్మ ఆడిన చెయ్యి కదా. కాని చప్పట్లు కొట్టే చోట ఫోను చేతిల ఉంటే ఎట్లా అని అడుగుతుంది.

---

పీఈటీ_పరకాల | ఆదివారం, రాత్రి 9:30

మార్కుల సంగతి ముందు. నెట్ నెమ్మదిగా ఉంటే పాట మధ్యలో ఆగుతుంది, లేదా బొమ్మ మసకబారుతుంది. మీకు పాట సాఫీగా నడిచి మార్కులే రాలేదు కాబట్టి అనుమానం వైర్ లేకుండా పంపడం మీద. టీవీకి బొమ్మ, పాట రెండూ కలిసి ఆలస్యంగా చేరుతాయి, అందుకే మీకు తేడా తెలియదు. మీరు టీవీ చూసి చెయ్యి లేపేసరికి ఆట లెక్కలో ఆ అడుగు దాటిపోయి ఉంటుంది.

తేల్చుకోవడం సులువు. ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కనే పెట్టి రెండు తెరలూ ఒకేసారి చూడండి. ల్యాప్‌టాప్‌లో చెయ్యి పైకి పోయాక కాసేపటికి టీవీలో పోతే, అదే జబ్బు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టండి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే అది కూడా ఆన్ చేయండి, బొమ్మకు మెరుగులు దిద్దే పని మానేసి వెంటనే చూపిస్తుంది. కేబుల్ లేకపోతే ల్యాప్‌టాప్ చిన్న తెర మీదే ఆడండి, మార్కులు దాంట్లోనే బాగా వస్తాయి. ఫోన్లు అదే వైఫైలో ఉండాలన్న నియమం ఈ ఆటకు లేదు, మొబైల్ డేటా మీద కూడా పనిచేస్తాయి.

తెర మీద మనిషి అద్దంలో బొమ్మలాగా చేస్తాడు. అతని ఏ చెయ్యి మీ కుడి చేతికి ఎదురుగా ఉందో దాన్నే అనుసరించాలి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు కూడా ఫోను కుడి చేతిలోనే పట్టుకోవాలి.

చప్పట్ల చోట అత్తగారిని ఎడమ అరచేతితో కుడి మణికట్టు మీద కొట్టమనండి, కుడి చెయ్యి కదిలితే చాలు. ఫోను జారకుండా, వానకు ఫోను తడవకుండా వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ ఉంటుంది కదా, తాడు ఉన్నది, అందులో పెట్టి తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టండి. చెమట చేతిలోంచి జారిన ఫోను నేరుగా టీవీ మీదికే పోతుంది, మీరు అటే తిరిగి ఉంటారు కాబట్టి.

ఇక మీ బాబు. ఆట కాళ్లను చూడదు కాబట్టి ఆ పని మనిషి చెయ్యాలి. ఆ పాటలో ఆడని మనిషి అంపైర్. కాళ్లు ఆగితే అంపైర్ చెయ్యి ఎత్తుతారు, మూడుసార్లు ఎత్తితే ఆ పాట మార్కులు చెల్లవు. అత్తగారికి ఆ పని అప్పగించండి, మనవడు ఆమె మాట దాటడు. ఇంకో మార్గం, ఆడే ఫోను కాకుండా రెండో ఫోను వాడి నిక్కరు జేబులో పెట్టి అడుగుల లెక్క చూడండి. ఖచ్చితమైన లెక్క కాదు గానీ, పడుకున్నవాడికీ ఆడినవాడికీ తేడా దాచలేదు.

ఎంత కష్టపడ్డారో తెలుసుకోవడానికి పాట సగంలో ఏదో ఒకటి అడగండి, ఇవ్వాళ ఏం తిన్నావని. మాటలు చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాడుతున్నాడంటే ఒళ్లు వంచలేదని. మాట కూడా రావట్లేదంటే తర్వాతి పాట మెల్లగా ఉన్నది పెట్టండి.

---

వంశీ_కాజీపేట | ఆదివారం, రాత్రి 9:52

సార్, అంపైర్ పెట్టి ఆడించాలంటే ఇక ఆట ఎందుకు? రింగ్ ఫిట్‌లో తొడ పట్టీ ఉంటది, కాలు కదలకపోతే బొమ్మ కదలదు. పదకొండేళ్ల పిల్లగానికి అదే కరెక్ట్. నేను నా మాట మీదనే ఉన్న.

---

పీఈటీ_పరకాల | ఆదివారం, రాత్రి 10:04

ఆ బాబు ఒక్కడికే అడిగితే నేనూ మీ మాటే చెప్పేవాడిని. ఐదుగురు కలిసి ఆడాలని అడిగారు. ఒకవేళ స్విచ్ కొంటే మాత్రం రింగ్ ఫిట్‌తో పాటు స్విచ్ స్పోర్ట్స్ అనే ఆట కూడా చూడండి. కన్సోల్‌తో వచ్చే రెండు చిన్న కంట్రోలర్లతోనే ఇద్దరు బ్యాడ్మింటన్ ఆడుకోవచ్చు. అందులోనూ మణికట్టు దొంగతనం ఉంది. కొత్త స్విచ్ 2 కొనేవాళ్లకు ఒక హెచ్చరిక, దాంతో వచ్చే కంట్రోలర్లు రింగులో ఇమడవు, పాత స్విచ్ కంట్రోలర్లు విడిగా కావాలి.

---

విజయలక్ష్మి_మంచిర్యాల | సోమవారం, ఉదయం 7:30

ఒక అనుమానం. పిల్లలు ఫోను చూస్తున్నారని బాధపడి మళ్లీ ఫోను, టీవీయే చేతికిస్తున్నాం. కళ్ల సంగతేంటి?

---

మాధవి_ఫిజియో_కరీంనగర్ | సోమవారం, ఉదయం 9:10

అమ్మా, ఫోను చేతిలో ఉంటుంది గానీ చూపు అయిదారు అడుగుల దూరంలో టీవీ మీద ఉంటుంది. కూర్చొని ముక్కు దగ్గర పెట్టుకొని చూసినట్టు కాదు. అయినా తెర తెరే, నేను పూర్తిగా మంచిదని చెప్పలేను. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలే పని చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ గంట మొత్తం ఈ ఆటతోనే నింపమని నేను అనను. ఇరవై ఇరవై అయిదు నిమిషాలు దీంతో, మిగతాది తెర లేకుండా, తొక్కుడు బిళ్ల గాని, మెట్లెక్కి దిగడం గాని.

---

పీఈటీ_పరకాల | సోమవారం, ఉదయం 9:25

తొక్కుడు బిళ్ల గెంతే ఆట మాధవి గారూ, పై అంతస్తులో వద్దు. మెట్లు సరే, తడి లేకపోతే.

---

సదానందం_జగిత్యాల | సోమవారం, రాత్రి 8:00

సార్, టేపు పెట్టి కొలిసిన. ఆరున్నర అడుగులే ఉంది. బీరువా జరిపితే ఏడున్నర అయింది. ఇప్పుడు ఇద్దరినీ పట్టుకుంటుంది, కానీ బిడ్డ వంగినప్పుడు మళ్లీ పోతది. గోడ పగలగొట్టలేను కదా. ఒకరి తర్వాత ఒకరం ఆడుకుంటున్నం.

---

స్వాతి_నయీంనగర్ | మంగళవారం, రాత్రి 8:20

కేబుల్ పెట్టినం. రెండు తెరలు పక్కపక్కన చూస్తే నిజంగానే టీవీ వెనకబడి ఉండె. ఇప్పుడు నాకు సూపర్, పర్ఫెక్ట్ అని వస్తున్నయి.

మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ఏడుంబావుకు మొదలు. ముందు నేల తుడుచుడు, టీపాయ్ లోపలికి. మొదటి పాట మెల్లగా ఉన్నది, అందరం ఒళ్లు వేడి చేసుకునేటందుకు. తర్వాత నేను, పాప ఒక పాట. బాబు, వాళ్ల నాన్న ఒక పాట. మళ్లీ మేము. ఆడనివాళ్లు దివాన్ దగ్గర నిలబడి కవాతు చెయ్యాలె, కూర్చోవద్దు. అత్తమ్మ ఒక పాట ఆడుతుంది, మిగతావాటికి అంపైర్. నిన్న బాబు పాట ఒకటి కొట్టేసింది, వాడు అలిగి మళ్లీ లేచి ఆడిండు. పాప మూడో పాటకు వదిలేసి బొమ్మలకు పోతుంది, పోనిస్తున్నం. ఎనిమిదింటికి ముందే ముగిస్తున్నం. అత్తమ్మ మోకాలు పొద్దున చూస్తున్న, ఇప్పటికైతే వాపు లేదు.

రెండు అడగాలె. కరెంటు పోతే ఎట్లా? రెండోది, పాపకు ఇచ్చిన పాత ఫోనుకు ఎప్పుడూ ఎక్స్ గుర్తే వస్తుంది. పాప సరిగా చేస్తలేదా, ఫోను బాగలేదా?

---

పీఈటీ_పరకాల | మంగళవారం, రాత్రి 9:00

కరెంటు పోతే టీవీ, వైఫై పోతాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, ఒక ఫోను హాట్‌స్పాట్ మీద ఆడొచ్చు. వీడియో కాబట్టి డేటా బాగానే తాగుతుంది. కానీ చీకట్లో వద్దు, ఎమర్జెన్సీ లైటు ఉంటేనే.

పాత ఫోనుకు మూడు పనులు చేయండి. బ్యాటరీ సేవర్ తీసేయండి. తెర ఆరిపోకుండా చూడండి, ఆట సాగుతున్నంతసేపు యాప్ తెర మీదే ఉండాలి. వెనక నడుస్తున్నవి మూసేయండి. తర్వాత ఒకే పాట రెండుసార్లు ఆడండి. మొదటిసారి పాపకు పాత ఫోను, మీకు మీ ఫోను. రెండోసారి మార్చుకోండి. ఎక్స్ గుర్తు ఫోను వెంట మీ దగ్గరికి వస్తే ఫోనుది తప్పు. పాప దగ్గరే ఉండిపోతే చెయ్యి చాలా చిన్నగా ఊపుతోందని అర్థం, మోచెయ్యి వంచకుండా చాచమని చెప్పండి. అప్పటికీ రాకపోతే మార్కులు కనపడని వైపు నిలబెట్టండి, ఆరేళ్ల పిల్లకు ఆడడమే ఆట.

---

స్వాతి_నయీంనగర్ | బుధవారం, రాత్రి 8:10

మార్చి చూసినం సార్. ఎక్స్ నా దగ్గరికి వచ్చింది. ఫోనుదే తప్పు. బ్యాటరీ సేవర్ తీసినా అట్లనే ఉంది. పాపకు మా ఆయన ఫోను ఇచ్చినం, మొట్టమొదటిసారి పర్ఫెక్ట్ వచ్చింది. ఇప్పుడు మా ఆయనకు ఫోను లేదు. ఇట్లాంటి పాత ఫోను ఎవరన్నా బాగుచేసుకున్నరా?